మరాఘా కొండ మీద మిగిలిన చదువు

ఇప్పటి తుర్క్‌మెనిస్తాన్‌లో ఉన్న మెర్వ్ నగరంలో పది గ్రంథాలయాలు ఉండేవని యాఖూత్ హమవీ రాసిపెట్టాడు. బానిసగా పెరిగి, విడుదలై, పుస్తకాలు నకలు రాస్తూ, అమ్ముతూ ఊళ్లు తిరిగిన మనిషి అతడు. ఆ పదింటిలో ఒక్కదానిలోనే పన్నెండు వేల సంపుటాలు ఉన్నాయట. ఇంటికి తెచ్చుకుంటే హామీ కూడా అడిగేవారు కాదనీ, తన గదిలో ఎప్పుడూ రెండు వందల పుస్తకాల దాకా ఉండేవనీ, వాటి మధ్య ఇల్లూ వాకిలీ మరచిపోయాననీ చెప్పుకున్నాడు. 1219లో మంగోలు సేనలు వస్తున్నాయన్న కబురు విని మోసుల్ దారి పట్టాడు. 1221 ఫిబ్రవరిలో మెర్వ్ నేలమట్టమైంది. యాఖూత్ రాసిన భౌగోళిక కోశంలో ఆ గ్రంథాలయాల మాట మిగిలింది, గ్రంథాలయాలు మిగల్లేదు.

రెండేళ్లలో బుఖారా, సమర్‌ఖండ్, బల్ఖ్, గుర్గంజ్, నిషాపూర్ ఇదే దారిన పోయాయి. ఖురాసాన్, ఆము దర్యా అవతలి దేశం అంటే అప్పటికి మూడు నాలుగు వందల ఏళ్లుగా గణితానికీ, వైద్యానికీ, ధర్మశాస్త్రానికీ, పారసీక కవిత్వానికీ పుట్టిల్లు. అక్కడ పట్టణం పోయిందంటే మదరసా పోయినట్టు, మదరసాను పోషించే వక్ఫ్ భూములు బీడుపడినట్టు, ఆ భూములకు నీళ్లిచ్చే కాలువలు పూడిపోయినట్టు. గురువులు కత్తికి బలయ్యారు. మరి 1259లో, అంటే నలభై ఏళ్లు తిరగకుండానే, అదే మంగోలు వంశపు రాజు డబ్బుతో ఇప్పటి ఇరాన్‌లోని అజర్‌బైజాన్ ప్రాంతపు మరాఘా పట్నం పక్క కొండ మీద ఆనాటికి ప్రపంచంలో సాటిలేని వేధశాల ఎలా లేచింది? ఆ కట్టడం వెనక ఎవరు ఎలా బతికారు, డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, పుస్తకాలు ఎలా చేరాయి అన్నది చూస్తే చదువు నిలిచిన తీరు తెలుస్తుంది. దానికి చెల్లించిన మూల్యమూ తెలుస్తుంది.

కథ నడిపిన మనిషి నసీరుద్దీన్ తూసీ. 1201లో ఖురాసాన్‌లోని తూస్‌లో పుట్టాడు. నిషాపూర్‌లో చదువుకున్నాడు. అక్కడ అతనికి వైద్యం చెప్పిన కుత్బుద్దీన్ మిస్రీ 1221లో ఆ ఊరి ఊచకోతలోనే పోయాడు. తూసీ పడమరకు వెళ్లి మోసుల్‌లో కమాలుద్దీన్ ఇబ్న్ యూనుస్ దగ్గర గణితం నేర్చుకున్నాడు. తిరిగి వచ్చేసరికి ఖురాసాన్‌లో చదువుకున్నవాడికి తిండి పెట్టే చోటు దాదాపు లేదు. మిగిలినవి ఇస్మాయిలీలు అనే షియా శాఖవారి కొండ కోటలు. ఆ కోటలకు ఎత్తైన గోడలున్నాయి, గ్రంథాలయాలున్నాయి, తూర్పు నుంచి పారిపోయి వచ్చే పండితులకు అన్నం పెట్టే అలవాటు ఉంది. 1230ల నుంచి పాతికేళ్ల దాకా తూసీ కుహిస్తాన్‌లోనూ, ఆపైన అలమూత్ ప్రాంతపు కోటల్లోనూ గడిపాడు. అతడు కోరి వెళ్లాడా, కదలనివ్వకుండా ఉంచారా అన్న తగువు నేటికీ ఉంది. 1235లో కుహిస్తాన్ పాలకుడి పేరు మీద నీతిశాస్త్ర గ్రంథం రాసి పీఠికలో అతణ్ణి పొగిడాడు. కోటలు కూలిన తర్వాత ఆ పొగడ్తను తీసేసి, ఇష్టం లేకుండా రాయాల్సి వచ్చిందని కొత్త పీఠిక చేర్చాడు. ఈ రెండు పీఠికల్లో ఏది నిజమని తేల్చడం కన్నా, ఆ కాలంలో ఒక మనిషికి రెండు పీఠికలు అవసరమయ్యాయని గమనించడం ముఖ్యం.

మరాఘా పేరు చెప్పగానే గుర్తొచ్చే ఆవిష్కారం కూడా నిజానికి ఈ కోటల్లో పుట్టిందే. ప్రాచీన గ్రీకు ఖగోళజ్ఞుడు టాలెమీ ఖగోళంలో గ్రహాలన్నీ వృత్తాల మీద సమవేగంతో తిరగాలి. కానీ లెక్క కుదరడానికి టాలెమీ ఒక సర్దుబాటు చేశాడు: వృత్త కేంద్రం నుంచి కాక, పక్కనున్న మరో బిందువు నుంచి చూస్తేనే వేగం సమంగా కనబడుతుందన్నాడు. గోళం తన కేంద్రం గుండా పోని అక్షం మీద సమంగా తిరగడం ఎలా సాధ్యమని అరబ్బీలో రాసిన పండితులు రెండు వందల ఏళ్లుగా అడుగుతున్నారు. తూసీ దారి ఇది. ఒక పెద్ద వృత్తం, దానిలో సగం వ్యాసంతో మరో వృత్తం. వెడల్పాటి పళ్లెం అంచు లోపల, పళ్లెంలో సగం వెడల్పున్న చేతి గాజును జారకుండా దొర్లించి, గాజు మీద ఒకచోట సున్నం చుక్క పెడితే, ఆ చుక్క వంకర తిరగదు. పళ్లెం ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు నిటారు గీత మీద వెళ్లి వస్తుంది. రెండు గుండ్రటి కదలికలు కలిసి ఒక సరళరేఖ పుట్టించాయి. దీన్ని గ్రహ నమూనాలో పొదిగితే, ఏ గోళమూ తన కేంద్రాన్ని వదలకుండానే టాలెమీ ఫలితం వచ్చేస్తుంది. ఈ ఆలోచన తొలి రూపాలు 1247కు ముందే, కోటల్లో ఉండగా రాసిన పుస్తకాల్లో కనబడతాయి. మరాఘాలో 1261లో రాసిన గ్రంథంలో అది పూర్తి రూపం దాల్చింది.

1256 నవంబరులో మంగోలు రాజు హులాగు సేనలు ఇస్మాయిలీ కోటలను లొంగదీశాయి. అలమూత్ గ్రంథాలయం గతి ఏమైందో చూసినవాడే చెప్పాడు. హులాగు కొలువులోని చరిత్రకారుడు అతా మాలిక్ జువైనీ అనుమతి అడిగి లోపలికి వెళ్లాడు. ఖురాన్ ప్రతులు, తనకు మేలైనవనిపించిన పుస్తకాలు, నక్షత్రాల ఎత్తు కొలిచే ఆస్ట్రొలేబులు, ఆకాశ వలయాలతో చేసిన యంత్రాలు బయటికి తీయించాడు. ఇస్మాయిలీ మతగ్రంథాలను తగలబెట్టించాడు. దీన్ని అతడు దాచుకోలేదు, గొప్పగానే రాసుకున్నాడు. ఒకే చేయి కాపాడింది, అదే చేయి కాల్చింది. ఆ కాలంలో ఏది నిలిచిందంటే, నిలవాలని ఎవరో ఒక అధికారి అనుకున్నది నిలిచింది.

మనుషుల విషయంలోనూ ఇదే ఏరివేత. పట్టుబడిన ఊరిలో మంగోలులు జనాన్ని బయటికి రప్పించి, చేతిపని తెలిసినవాళ్లను వేరు చేసేవారు. నేతగాళ్లు, కంసాలులు, వైద్యులు, దుబాసీలు, నక్షత్రాలు తెలిసినవారు ఒక పక్క, మిగిలినవారు ఇంకో పక్క. ధర్మశాస్త్రం చెప్పే పండితుడికి ఆ వరసలో చోటు లేదు. జాతకం చూసేవాడికి ఉంది. ముహ్యిద్దీన్ మగ్రిబీ విషయంలో ఇది అక్షరాలా జరిగింది. పశ్చిమ దేశాల నుంచి వచ్చి సిరియా సుల్తాను కొలువులో చేరిన గణితజ్ఞుడు అతడు. 1260లో సుల్తానునూ పరివారాన్నీ హులాగు మనుషులు చంపుతున్నప్పుడు, నేను నక్షత్రశాస్త్రం తెలిసినవాణ్ణి అని కేక వేశాడు. దానితో ప్రాణం దక్కి మరాఘాకు చేరాడు. ఆ కేక వేయకపోతే ఆ వేధశాలలో జరిగిన అసలైన పరిశీలనల్లో చాలా భాగం ఉండేది కాదు. ఆ సంగతి కిందికి వస్తుంది.

తూసీని కాపాడిందీ ఈ పేరే. అతని కీర్తి ఎంతదాకా పోయిందంటే, మంగోలియాలో ఉన్న పెద్ద ఖాన్ మోంగ్కే అతణ్ణి తన దగ్గరికి పంపమన్నాడు. హులాగు పంపకుండా తన దగ్గరే ఉంచుకున్నాడు. 1258 జనవరిలో బాగ్దాద్‌ను ముట్టడించే ముందు హులాగు సలహా అడిగాడు. కొలువులోని హుసాముద్దీన్ అనే జ్యోతిష్కుడు, ఖలీఫా మీదికి పోతే వానలు కురవవు, భూకంపాలు వస్తాయి, రాజు చస్తాడు అని హెచ్చరించాడు. తూసీ, అలాంటివేమీ జరగవు, ఖలీఫా స్థానంలో ఖాన్ కూర్చుంటాడు, అంతే అన్నాడు. ముందు కాలంలో ఖలీఫాలను చంపినప్పుడు ఏ ప్రళయమూ రాలేదని ఉదాహరణలు కూడా చెప్పాడు. ఫిబ్రవరి 10న బాగ్దాద్ లొంగింది. ఖలీఫాను చంపారు, ఊరిని దోచారు. తర్వాతి తరాల సున్నీ రచయితలు తూసీని క్షమించలేదు. శాస్త్రం మాట నిజమే చెప్పాడు, కానీ ఆ నిజం చెప్పిన చోటు హులాగు గుడారం. ఈ రెండింటినీ విడదీసి చూపడం తూసీకి మేలు చేయవచ్చునేమో గానీ చరిత్రకు చేయదు.

బాగ్దాద్ పుస్తకాలన్నీ టైగ్రిస్‌లో పారేశారనీ, నది సిరాతో నల్లబడిందనీ వాడుకలో ఉన్న మాట. ఆ మాట చాలా కాలం తర్వాతి పుస్తకాల నుంచి వచ్చింది. ఆ రోజులకు దగ్గరి వృత్తాంతాల్లో మరో దృశ్యం ఉంది. ముందే రాయబారం పంపి లొంగిపోవడంతో హిల్లా పట్నం దెబ్బతినలేదు. హిల్లా, కూఫా ఊళ్లవాళ్లు ఆకలితో ఉన్న బాగ్దాద్‌కు తిండి గింజలు తెచ్చి అమ్మి, వచ్చిన డబ్బుతో విలువైన పుస్తకాలు, ఇత్తడి సామాను కొనుక్కుపోయారు. గ్రంథాలయాలు చెదిరాయి, పుస్తకాలు చేతులు మారాయి. హిల్లాలో షియా విద్య ఆ తర్వాతి తరాల్లో వికసించడానికి ఊరు మిగలడం ఎంత కారణమో, ఈ పుస్తకాల రాక కూడా కొంత కారణమై ఉండాలి. మరికొన్ని పుస్తకాలు తూసీ చేతికి వచ్చి మరాఘాకు తరలాయి. అక్కడ నాలుగు లక్షల సంపుటాలు ఉండేవని పాత రచయితలు అంటారు. అది నమ్మదగ్గ అంకె కాదు. పెద్ద గ్రంథాలయం అన్నంత వరకు తీసుకుంటే చాలు.

ఇక డబ్బు సంగతి. హులాగు తూసీని తన రాజ్యంలోని వక్ఫ్ ఆస్తుల మీద అధికారిగా వేశాడు. వక్ఫ్ అంటే తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనవసరం లేదు: దాత ఒక భూమినో, దుకాణాల వరసనో, స్నానశాలనో శాశ్వతంగా కట్టిపెడతాడు, దాని రాబడి దాత చెప్పిన పనికే పోవాలి. మసీదుకు రాసినది మసీదుకు, మదరసాకు రాసినది మదరసాకు. యుద్ధం తర్వాత చిక్కు ఏమిటంటే, భూమి ఉంది, రాబడి ఎంతో కొంత ఉంది, కానీ దాత వంశం లేదు, చూసే ధర్మకర్త లేడు, చాలాచోట్ల మసీదే లేదు. యజమాని లేని ఆ రాబడిని ఒకచోట పోగుచేసే అధికారం తూసీకి దక్కింది. అందులో పదో వంతు వేధశాలకు పోయేదని చెబుతారు. అంతకు ముందు వేధశాలలు రాజు ఖజానా మీద ఆధారపడేవి. రాజు పోతే అవీ పోయేవి. మరాఘాకు వక్ఫ్ దన్ను దొరకడంతో 1265లో హులాగు చనిపోయినా పని ఆగలేదు, కొడుకు అబాఖా కాలంలో సాగింది.

ఈ డబ్బు ఎవరికి ఎంత చేరిందో ఇబ్న్ కసీర్ అనే డమాస్కస్ చరిత్రకారుడు రాశాడు. తత్వశాస్త్రజ్ఞుడికి రోజుకు మూడు దిర్హములు, వైద్యుడికి రెండు, ధర్మశాస్త్రం చదివేవాడికి ఒకటి, ప్రవక్త మాటలైన హదీసు చదివేవాడికి అర. దాడులకు ముందటి మదరసాలో ఈ వరస తలకిందులుగా ఉండేది. ధర్మశాస్త్రమే పెద్దపీట, హదీసుకు గౌరవం, తత్వం, ఖగోళం చాలావరకు ఇళ్లలో చెప్పుకునే చదువులు. ఇబ్న్ కసీర్‌కు తూసీ అంటే గిట్టదు, కాబట్టి ఈ అంకెల్లో కోపం కలిసి ఉండవచ్చు. ఆ కోపంలో న్యాయం లేదనడానికి మాత్రం వీల్లేదు. హదీసు చదువు కోసం తన ఆస్తి రాసిన దాత ఆ డబ్బు నక్షత్రాలు కొలిచేవారికి పోవాలని కోరుకోలేదు. మరాఘా వైభవం చెప్పే పుస్తకాలు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తాయి. అలా దాటేయడం సరి కాదు. చదువు నిలిచింది, కానీ ఒక చదువు వాటా తీసి ఇంకో చదువుకు పెట్టడం వల్ల నిలిచింది.

వేధశాల పెట్టడానికి హులాగును ఎలా ఒప్పించారన్న దానికి ఒక కథ ఉంది. జరగబోయేది తప్పించలేనప్పుడు ముందు తెలిసి ఏం లాభమని ఖాన్ అడిగాడట. తూసీ ఒక మనిషిని ఎవరికీ తెలియకుండా పైకి పంపి, పెద్ద రాగి పళ్లేన్ని అక్కడి నుంచి కిందికి వదిలించాడు. ఆ చప్పుడుకు సైనికులు హడలిపోయి పరుగులు పెట్టారు. సంగతి తెలిసిన ఖాన్, తూసీ మాత్రం కదల్లేదు. లాభం ఇదే అన్నాడు తూసీ. కథ కల్పితమైనా కావచ్చు, కానీ బేరం స్వభావాన్ని చక్కగా పట్టింది. ఖాన్‌కు కావలసింది ముహూర్తాలు, జాతకాలు. పండితులకు కావలసింది యంత్రాలు, పుస్తకాలు, భోజనం. సరైన గ్రహస్థితులు లేకుండా జాతకం లేదు గనుక, ఒకరి కోరిక మీద ఇంకొకరి కోరిక ఎక్కి కూర్చుంది.

1259 వసంతంలో పని మొదలైంది. యంత్రాల బాధ్యత డమాస్కస్ నుంచి వచ్చిన ముఅయ్యిదుద్దీన్ ఉర్దీది. అతడు సిద్ధాంతి, చేతిపని కూడా తెలిసినవాడు, డమాస్కస్‌లో నీటి పనులు చేయించిన అనుభవం ఉంది. తాను కట్టిన ప్రతి యంత్రాన్నీ వివరిస్తూ పుస్తకం రాశాడు. ఆ పుస్తకం ఉండబట్టే ఈ వేధశాల లోపల ఏముందో తెలుసు. వాటిలో గోడకు బిగించిన పాదవృత్త యంత్రం ఒకటి, అంటే వృత్తంలో నాలుగో వంతు. ఉత్తర దక్షిణాలకు సరిగా నిలిపి, మిట్టమధ్యాహ్నపు సూర్యుడి ఎత్తును దానితో కొలుస్తారు. దాని వ్యాసార్ధం సుమారు 4.3 మీటర్లు. అంత పెద్దది ఎందుకంటే, ఆ కొలతకు రాగి చాపం మీద ఒక డిగ్రీ ఏడున్నర సెంటీమీటర్ల చోటు తీసుకుంటుంది. డిగ్రీని అరవై కళలు చేస్తే ఒక్కో కళకు ఒకటింపావు మిల్లీమీటరు దక్కుతుంది. కంటితో చదవగల హద్దు అదే. చేతిలో పట్టే ఆస్ట్రొలేబు మీద అదే కళకు వెంట్రుక మందం చోటు కూడా రాదు. దుర్భిణి పుట్టడానికి మూడున్నర శతాబ్దాల ముందు సూక్ష్మత పెంచడానికి దారి ఒక్కటే: యంత్రాన్ని పెద్దది చేయడం. పెద్దది చేస్తే బరువుకు వంగుతుంది, వంగితే కొలత తప్పుతుంది. అందుకే గట్టి గోడ, కొండ పైన చదును చేసిన నేల, మంచి రాగి పనివాళ్లు కావాలి. అవన్నీ సమకూర్చాలంటే రాజ్యాధికారం వెనక ఉండాలి.

కొత్త గ్రహ పట్టికల పీఠికలో తూసీ తన సహచరుల పేర్లు చెప్పాడు: డమాస్కస్ నుంచి ఉర్దీ, మోసుల్ నుంచి ఫఖ్రుద్దీన్ మరాఘీ, తిఫ్లిస్ నుంచి ఫఖ్రుద్దీన్ ఖిలాతీ, కజ్వీన్ నుంచి నజ్ముద్దీన్ దబీరాన్. ఈ ఊళ్లను పటం మీద పెట్టి చూస్తే ఒక సంగతి తడుతుంది. ఖురాసాన్ నుంచి వచ్చినవాడు తూసీ ఒక్కడే. మిగతావారంతా పడమటివాళ్లు. తూర్పు విద్య ఉన్నచోట మళ్లీ చిగురించలేదు. అజర్‌బైజాన్‌లో, పడమటి పండితుల సాయంతో, ఒక్క ఖురాసానీ చుట్టూ పేర్చుకుంది. మెర్వ్, నిషాపూర్ పాత స్థాయికి ఎన్నడూ రాలేదు.

అదే పీఠికలో పని గడువు గురించి చిన్న సంభాషణ ఉంది. గ్రహాలన్నీ ఒక చుట్టు పూర్తిచేసేదాకా చూడాలంటే ముప్పై ఏళ్లకు తక్కువ పట్టదని పండితులు చెప్పారు. ఏలినాటి శని లెక్క తెలిసినవారికి ఈ అంకె ఎక్కడిదో వెంటనే అర్థమవుతుంది: శని ఒక్కో రాశిలో రెండున్నరేళ్లు ఉంటాడు, పన్నెండు రాశులకు ముప్పై. అంత ఆగలేను, పన్నెండేళ్లలో ముగించండి అన్నాడు హులాగు. పన్నెండేళ్లు అంటే గురుడి చుట్టుకు సరిపోతుంది, శనికి కాదు. ఇల్ఖానీ పట్టికలు అని పేరున్న ఆ గ్రహ పట్టికలు 1271–72 ప్రాంతంలో పూర్తయ్యాయి. మాట ప్రకారమే పన్నెండేళ్లు. తూసీ 1274లో బాగ్దాద్‌లో చనిపోయాడు. ముప్పై ఏళ్ల ప్రణాళిక అయి ఉంటే అతడు సగమే చూసేవాడు.

గడువు ఒత్తిడి పట్టికల్లో కనబడుతుంది. ఈ పట్టికలు మన పంచాంగకర్తలు వాడే కరణ గ్రంథాల వంటివి: గ్రహాల సగటు వేగాలైన మధ్యగతులు, వాటికి చేయాల్సిన సవరణలైన సంస్కారాలు అంకెల్లో ఇస్తే, వాటి మీద కూడిక తీసివేతలతో ఏ రోజుకైనా గ్రహస్థితి తేల్చవచ్చు. ఇల్ఖానీ పట్టికల మధ్యగతుల్ని పాత గ్రంథాలతో పోల్చి చూస్తే, చాలావరకు బాగ్దాద్‌కు చెందిన ఇబ్న్ అల్ ఆలమ్, కైరోకు చెందిన ఇబ్న్ యూనుస్ మూడు వందల ఏళ్ల కింద ఇచ్చిన అంకెల మీదే ఆధారపడినట్టు తెలుస్తుంది. కొత్త వేధశాల పేరు మీద పాత సరుకు. తర్వాతి తరం ఖగోళజ్ఞుడు వాబ్కనవీ ఈ సంగతి బాహాటంగా రాశాడు. ఇల్ఖానీ లెక్క ఆకాశంతో కలవడం లేదనీ, మగ్రిబీ లెక్కే కలుస్తోందనీ అన్నాడు. పట్టిక కొత్తదా పాతదా అన్నది తేల్చే గీటురాయి అదే, గ్రహణమో గ్రహాల కలయికో వచ్చిన రాత్రి బయటికి వెళ్లి చూడటం.

ప్రాణభిక్షతో వచ్చిన మగ్రిబీ 1262 నుంచి 1274 దాకా పట్టుగా పరిశీలనలు చేశాడు. ముప్పై ఏళ్లు అక్కర్లేని పద్ధతి అతనికి టాలెమీ పుస్తకంలోనే ఉంది. బయటి గ్రహం సూర్యుడికి సరిగ్గా ఎదుట నిలిచే సమయాలు మూడు పట్టుకుంటే చాలు. ఆ మూడు స్థానాల మధ్య కోణాలు, గడిచిన రోజులు తెలిస్తే, జ్యామితితో కక్ష్య కేంద్రం భూమికి ఎంత పక్కగా ఉందో, గ్రహం ఎటువైపు నెమ్మదిస్తుందో లెక్కగట్టవచ్చు. శని ఇంచుమించు ఏడాదికోసారి సూర్యుడికి ఎదురు వస్తాడు కనుక పన్నెండేళ్లలో కావలసినంత దూరం ఉన్న మూడు సమయాలు దొరుకుతాయి. మధ్యగతికి మాత్రం పొడవాటి కాలం కావాలి. దానికి తన కొలతను టాలెమీ వెయ్యేళ్ల కిందటి కొలతతో జత చేస్తే సరి, ఎక్కడో ఒక కళ తప్పినా వెయ్యేళ్ల మీద పరచుకుని చాలా చిన్నదైపోతుంది. 1276లో తన పట్టికలు వెలువరించాడు. లెక్కలు ఎలా చేశాడో వేరే పుస్తకంలో మెట్టు మెట్టుగా రాసిపెట్టాడు. రాజు గడువుకు తలవంచి ఒక పట్టిక వచ్చింది, అదే కొండ మీద, అదే యంత్రాలతో, గడువుతో పని లేని మనిషి చేతి నుంచి నిజమైన పట్టిక వచ్చింది. మరాఘాను తూకం వేసేటప్పుడు రెండోదాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం అన్యాయం.

మరాఘాకు వచ్చినవారిలో ఒక పిల్లవాడి దారి ప్రత్యేకం. ఇబ్న్ అల్ ఫువతీ 1244లో బాగ్దాద్‌లో పుట్టాడు. పద్నాలుగేళ్లప్పుడు నగరం పడింది, బందీగా అజర్‌బైజాన్‌కు తెచ్చారు. ఎలాగో బయటపడి 1262 ప్రాంతంలో తూసీ దగ్గర చేరాడు. శిష్యుడయ్యాడు, ఆపైన వేధశాల గ్రంథాలయానికి అధికారి అయ్యాడు. తన ఊరి నుంచి తరలిన పుస్తకాలు కొన్ని ఆ గూళ్లలోనే ఉన్నాయి, వాటిని చూసుకునే పని అదే ఊరి బందీకి దక్కింది. 1280లో అతణ్ణి బాగ్దాద్‌కు రప్పించి ముస్తన్‌సిరియా మదరసా గ్రంథాలయం అప్పగించింది, ఆనాడు బాగ్దాద్‌ను పాలిస్తున్న అతా మాలిక్ జువైనీయే. అలమూత్ పుస్తకాల్లో కొన్నిటిని తీసి, కొన్నిటిని కాల్చిన జువైనీ అతడే. ఖలీఫాల చివరి కానుక అయిన ముస్తన్‌సిరియా 1234లో తెరిచినది, 1258 తర్వాత ఎక్కువ రోజులు మూతపడలేదు. బాగ్దాద్ చదువు ఒక్క వారంలో ఆరిపోయిందనే మాటకు ఈ గ్రంథాలయాధికారి నియామకమే జవాబు.

ఫువతీ 1323 దాకా బతికాడు. తాను కలిసిన, విన్న మనుషులను బిరుదుల వరసలో పెట్టి పెద్ద జీవితచరిత్ర కోశం తయారుచేశాడు. పండితులు, గుమాస్తాలు, వైద్యులు, మంగోలు ప్రభువులు, వర్తకులు, ఎవరు మరాఘాకు వచ్చారు, ఏ పుస్తకం నకలు రాసుకున్నారు అన్నవి చిన్న చిన్న పద్దులుగా ఉంటాయి. కూలిన లోకంలో ఎవరెవరు మిగిలారో తల లెక్క పెట్టినట్టు ఉంటుంది ఆ పుస్తకం. అది పూర్తిగా దక్కలేదు. ఒక భాగం డమాస్కస్‌లో, ఒక భాగం లాహోర్‌లో దొరికాయి.

మరాఘాలో అందరూ ముస్లింలు కారు. సిరియన్ క్రైస్తవ మతాచార్యుడు బార్ హెబ్రయస్ 1268లో అక్కడ యూక్లిడ్, 1272లో టాలెమీ పాఠాలు చెప్పాడు. చైనా పంచాంగం వివరాలు ఇల్ఖానీ పట్టికల మొదట్లోనే ఉన్నాయి, అవి చెప్పే మనుషులు హులాగు కొలువులో ఉన్నారు కనుక. షీరాజ్ నుంచి వచ్చిన కుత్బుద్దీన్ అక్కడే తూసీ నమూనాలను పట్టుకుని, 1280లలో వాటిని బుధుడి దాకా నడిపించే గ్రంథాలు రాశాడు. తబ్రీజ్‌లో చదివిన గ్రిగరీ కియోనియాడిస్ అనే గ్రీకు పండితుడు ఆ విద్యను కాన్‌స్టాంటినోపుల్‌కు మోసుకెళ్లాడు. పళ్లెం, గాజు పటం ఉన్న గ్రీకు రాతప్రతి ఇప్పుడు వాటికన్‌లో ఉంది. 1543లో కోపర్నికస్ అచ్చువేసిన పుస్తకంలో అదే పటం కనబడుతుంది. అతని చేతికి ఏ దారిన చేరిందన్నది ఇంకా తేలలేదు.

భవనం మాత్రం ఎక్కువ కాలం బతకలేదు. తూసీ తర్వాత అతని కొడుకులు నడిపారు. 1300లో అప్పటి మంగోలు రాజు గాజాన్ ఖాన్ చూడడానికి వచ్చాడు, తబ్రీజ్‌లో తనకంటూ ఒకటి కట్టించుకున్నాడు. 1340 నాటికి చరిత్రకారుడు హమ్‌దుల్లా ముస్తౌఫీ రాసేసరికి మరాఘా వేధశాల శిథిలం. వక్ఫ్ దన్ను ఉండీ ఎందుకు నిలవలేదంటే, ఆ రాబడి దాత రాసిచ్చిన పత్రం మీద కాక తూసీ పదవి మీద ఆధారపడింది. పదవి వంశం చేతి నుంచి జారగానే పాత హక్కుదారులు వెనక్కి అడిగారు. అప్పటికి మంగోలు రాజులే ముస్లింలయ్యారు, మసీదు సొమ్ము మసీదుకే అన్న మాటకు మళ్లీ బలం వచ్చింది.

నిలిచినది మరో రకం పని. తూసీ యూక్లిడ్‌ను, టాలెమీని, వాటి మధ్య చదవవలసిన గ్రీకు, అరబ్బీ చిన్న గ్రంథాలను ఒక్కొక్కటిగా తీసుకుని, పాత అనువాదాల తేడాలు పోల్చి, లోపించిన నిరూపణలు పూరించి, విద్యార్థి చేతిలో పెట్టదగ్గ పాఠంగా తిరగరాశాడు. పెద్ద గ్రంథాలయాలు లేని కాలానికి అది సరిగ్గా తగిన పని. మెర్వ్‌లో యాఖూత్ పది వ్యాఖ్యానాలు పక్కన పెట్టుకుని చదవగలిగేవాడు. దాడుల తర్వాత సివాస్‌లోనో షీరాజ్‌లోనో ఉన్న విద్యార్థికి ఒక్క ప్రతి దొరకడమే గగనం. ఆ ఒక్క ప్రతిలో పది ప్రతుల పని అయిపోవాలి. ఈ పాఠాలు ఎంత బాగా పాకాయంటే, అంతకు ముందటి మూల అనువాదాలను నకలు రాసేవారే తగ్గిపోయారు, కొన్ని గ్రీకు గ్రంథాలు నేడు ఎక్కువగా తూసీ రూపంలోనే చేతికందుతాయి. ఈ చిన్న గ్రంథాల వరస మొదట అచ్చయిన చోట్లలో ఒకటి హైదరాబాద్. 1888లో నిజాం రాజ్యంలో మొదలైన దాయిరతుల్ మారిఫ్ ముద్రణాలయం 1939–40లో వాటిని రెండు సంపుటాలుగా అచ్చువేసింది. ఆ సంస్థ ఇప్పటికీ ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఉంది.